రీఫండా? రీప్లేస్‌మెంటా? కొన్న ఫోన్‌లో లోపం వస్తే ఆ బటన్ నొక్కేముందు ఇవి చూసుకోండి..

ఆన్‌లైన్ సేల్‌లో మంచి ఆఫర్‌కి ఫోన్ కొన్నారు. డబ్బా తెరిచారు. ఒక్క రోజు బాగానే పనిచేసింది. మర్నాడు స్క్రీన్ మీద పై నుంచి కింది దాకా ఓ పచ్చ గీత. వెంటనే యాప్‌లోకి వెళ్లి కంప్లైంట్ పెడితే అక్కడ రెండే ఆప్షన్లు కనిపిస్తాయి. ఒకటి రీఫండ్, రెండోది రీప్లేస్‌మెంట్. చాలామంది ఆ కోపంలో ఏదో ఒకటి నొక్కేస్తారు. "పాడైన వస్తువు వెనక్కి పోతుంది కదా, ఏదైతే ఏంటి" అనుకుంటారు.

కానీ ఆ ఒక్క ట్యాప్‌తో మీ చేతికి ఫోన్ ఎప్పుడొస్తుంది, డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటుంది, సేల్‌లో దొరికిన రేటు మిగులుతుందా లేదా అన్నవన్నీ తేలిపోతాయి. పైగా ఒకసారి ఒకటి ఎంచుకున్నాక మధ్యలో మార్చుకోవడం అంత ఈజీ కాదు. పెట్టిన రిక్వెస్ట్ క్యాన్సిల్ చేసి మళ్లీ కొత్తగా పెట్టాలి. అదీ రిటర్న్ గడువు లోపలే. మరి ఏ పరిస్థితిలో ఏది ఎంచుకోవాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

రెండు బటన్ల వెనుక ఏం జరుగుతుంది?

రీఫండ్ నొక్కితే ఆ కొనుగోలు అక్కడితో రద్దయినట్టే. కొరియర్ బాయ్ వచ్చి ఫోన్ తీసుకెళ్తాడు. కొన్ని యాప్‌లు పికప్ అయిన వెంటనే రీఫండ్ మొదలుపెడతాయి. మరికొన్ని ఫోన్ గోదాముకు చేరి, చెకింగ్ పూర్తయ్యాకే మొదలుపెడతాయి. ఆ తర్వాత డబ్బు మీరు కట్టిన దారిలోనే వెనక్కి వస్తుంది. యూపీఐతో కట్టి ఉంటే సాధారణంగా రెండు మూడు పనిదినాల్లో పడిపోతుంది. కార్డుతో కట్టి ఉంటే వారం దాకా పట్టొచ్చు. యాప్‌లోని వ్యాలెట్‌లోకి తీసుకుంటే కొన్ని గంటల్లోనే వస్తుంది. కాకపోతే ఆ డబ్బు ఆ యాప్‌లోనే ఖర్చుపెట్టాలి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. రీఫండ్‌లో వచ్చేది మీరు కట్టిన డబ్బు మాత్రమే. మీకు దొరికిన ధర వెనక్కి రాదు. సేల్ డిస్కౌంట్, బ్యాంక్ కార్డ్ ఆఫర్ అన్నీ ఆ పాత ఆర్డర్‌తోనే పోతాయి. అదే ఫోన్ మళ్లీ కొనాలంటే ఆ రోజు ఏ రేటు ఉంటే అదే కట్టాలి.

రీప్లేస్‌మెంట్ అలా కాదు. పాత ఆర్డర్ బతికే ఉంటుంది. మీరు కట్టిన రేటుకే అదే మోడల్, అదే స్టోరేజ్, అదే రంగు ఫోన్ ఇంకొకటి పంపుతారు. సేల్ అయిపోయినా, రేటు పెరిగినా మీరు అదనంగా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. చాలావరకు డెలివరీ బాయ్ కొత్త ఫోన్ తెచ్చినప్పుడే గుమ్మం దగ్గర పాతది తీసుకెళ్తాడు. అంటే రీప్లేస్‌మెంట్ అసలు లాభం వస్తువు మారడం ఒక్కటే కాదు, పాత రేటు లాక్ అయి ఉండటం.

అయితే దీనికో షరతు ఉంది. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఇంకో పీస్ ఉండాలి. అసలు రిస్క్ అంతా ఇక్కడే.

స్టాక్ ఉన్నట్టు కనిపిస్తుంది.. కానీ!

యాప్‌లో ఫోన్ పేజీ తెరిస్తే "ఇన్ స్టాక్" అని ఉంటుంది. దాన్ని చూసి రీప్లేస్‌మెంట్ తప్పకుండా వస్తుందని అనుకుంటే పొరపాటే. పెద్ద షాపింగ్ యాప్‌లలో ఒకే ఫోన్‌ను నాలుగైదు మంది సెల్లర్లు అమ్ముతుంటారు. మీకు రీప్లేస్‌మెంట్ సాధారణంగా మీరు కొన్న సెల్లర్ దగ్గర్నుంచే రావాలి. పేజీలో కనిపిస్తున్న స్టాక్ వేరే సెల్లర్‌ది అయితే దానివల్ల మీకు ఉపయోగం ఉండకపోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్టాక్ బెంగళూరు గోదాములో ఉండి, మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేకపోవచ్చు. నీలం రంగు అయిపోయి నలుపు మాత్రమే మిగిలి ఉండొచ్చు. సేల్ చివరి రోజుల్లో ఇది మరీ ఎక్కువ. ఆఫర్ బాగున్న మోడళ్లే ముందు ఖాళీ అవుతాయి.

స్టాక్ లేకపోతే ఏమవుతుంది? మీ రీప్లేస్‌మెంట్ రిక్వెస్ట్‌ను కొన్ని రోజులు అలాగే ఉంచి, ఆ తర్వాత "ఐటమ్ అందుబాటులో లేదు, రీఫండ్ ఇస్తున్నాం" అని మెసేజ్ పంపుతారు. అప్పటికి సేల్ అయిపోయి ఉంటుంది. అంటే మీరు రీప్లేస్‌మెంట్ అడిగినా చివరికి చేతికొచ్చేది రీఫండే. అదీ ఆలస్యంగా. రేటు పోయింది, రోజులూ పోయాయి.

అందుకే బటన్ నొక్కేముందు రెండు నిమిషాలు ఈ పని చేయండి. ముందు ఆర్డర్ వివరాల్లో "సోల్డ్ బై" అన్న చోట సెల్లర్ పేరు చూసుకోండి. తర్వాత అదే ఫోన్ పేజీకి వెళ్లి, అదే రంగు, అదే స్టోరేజ్ ఎంచుకుని, మీ పిన్‌కోడ్ పెట్టండి. అక్కడ అదే సెల్లర్ పేరుతో రెండు మూడు రోజుల్లో డెలివరీ తేదీ చూపిస్తే స్టాక్ ఉన్నట్టే లెక్క. సెల్లర్ పేరు మారినా, డెలివరీ తేదీ పది రోజుల తర్వాతకు పోయినా, "ఒక్కటే మిగిలింది" అని చూపించినా రీప్లేస్‌మెంట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు.

ఒక లెక్క చూద్దాం

ఇది బాగా అర్థం కావాలంటే ఒక ఉదాహరణ చూడాలి. కరీంనగర్‌లో ఉండే ఒకరు పండగ సేల్‌లో ఫోన్ కొన్నారనుకుందాం. మామూలు రోజుల్లో ఆ ఫోన్ రూ.23,999. సేల్‌లో రూ.20,999. క్రెడిట్ కార్డ్ ఆఫర్ మరో రూ.1,500 పోగా ఆయన కట్టింది రూ.19,499. ఫోన్ 4వ తేదీన చేతికొచ్చింది. రిటర్న్ గడువు 7 రోజులు, అంటే 11వ తేదీ వరకు. సేల్ 8వ తేదీ రాత్రితో అయిపోతుంది. 5వ తేదీ సాయంత్రం స్క్రీన్ మీద గీత కనిపించింది.

మొదటి దారి: ఆయన ఆ సాయంత్రమే రీఫండ్ నొక్కి, డబ్బు వచ్చాకే కొత్తది కొందామనుకున్నారు. 7న పికప్ అయింది. 10న గోదాములో చెకింగ్ అయ్యాక రీఫండ్ మొదలైంది. 15న కార్డులో పడింది. ఆ రోజు అదే ఫోన్ రేటు రూ.23,999. కార్డ్ ఆఫర్ లేదు. అంటే అదే ఫోన్‌కి రూ.4,500 ఎక్కువ కట్టాలి. పైగా 7 నుంచి కనీసం పది రోజులు చేతిలో ఫోన్ ఉండదు.

రెండో దారి: రీప్లేస్‌మెంట్ నొక్కారు, స్టాక్ ఉంది. 7న టెక్నీషియన్ వచ్చి గీత చూసి ఓకే చేశాడు. 10న కొత్త ఫోన్ వచ్చింది, పాతది తీసుకెళ్లారు. అదనపు ఖర్చు సున్నా. అప్పటి దాకా గీత ఉన్న ఫోన్‌తోనే కాల్స్ మాట్లాడుకున్నారు. అన్నిటికన్నా మంచి దారి ఇదే.

మూడో దారి: రీప్లేస్‌మెంటే నొక్కారు, కానీ సెల్లర్ దగ్గర స్టాక్ లేదు. 7న టెక్నీషియన్ వచ్చి వెళ్లాడు. 9న "స్టాక్ లేదు, రీఫండ్ ఇస్తాం" అని మెసేజ్. సేల్ నిన్నటితో అయిపోయింది. 11న పికప్, డబ్బు వచ్చేసరికి 18. కొత్తది కొనాలంటే రూ.4,500 ఎక్కువ. మొదటి దారిలో పోయినంత డబ్బూ పోయింది, పైగా ఇంకో మూడు రోజులు ఆలస్యం. నాలుగింటిలో అన్నిటికన్నా నష్టం దీంట్లోనే.

నాలుగో దారి: స్టాక్ డౌట్‌గా ఉందని 5వ తేదీనే గమనించారు. రీఫండ్ నొక్కి, డబ్బు కోసం ఎదురుచూడకుండా అదే రోజు సేల్ రేటుకే వేరే సెల్లర్ దగ్గర కొత్త ఆర్డర్ పెట్టారు. అలాంటి ఆఫర్లు చాలావరకు ఒక కార్డుకు ఒక్కసారే కాబట్టి ఈసారి ఆ రూ.1,500 తగ్గింపు రాలేదు. రూ.20,999 కట్టారు. అంటే నష్టం రూ.1,500 మాత్రమే. 8వ తేదీకల్లా కొత్త ఫోన్ చేతిలో ఉంది. కాకపోతే 15వ తేదీ దాకా రెండు ఫోన్ల డబ్బు ఇరుక్కుని ఉంటుంది. అంత డబ్బు లేదా కార్డులో అంత లిమిట్ ఉన్నవాళ్లకే ఇది కుదురుతుంది.

ఈ నాలుగూ చూస్తే విషయం అర్థమవుతుంది. రెండో దారికి, మూడో దారికి మధ్య తేడా స్టాక్ ఒక్కటే. మొదటి దారికి, నాలుగో దారికి మధ్య తేడా కొత్త ఆర్డర్ సేల్ లోపల పెట్టారా, సేల్ అయ్యాక పెట్టారా అన్నదే.

మరి ఎప్పుడు ఏది నొక్కాలి?

మీరు కొన్న రేటు కన్నా ఇప్పుడు రేటు ఎక్కువ ఉంది, అదే సెల్లర్ దగ్గర స్టాక్ ఉంది అంటే రీప్లేస్‌మెంట్. అదీ ఆలస్యం చేయకుండా అదే రోజు పెట్టేయాలి. ప్రతి రోజూ స్టాక్ తగ్గుతూనే ఉంటుంది.

రేటు అలాగే ఉంది లేదా ఇంకా తగ్గింది అంటే రీఫండే మేలు. రేటు లాక్ చేసుకోవాల్సిన అవసరమే లేదు. కొత్త ఆర్డర్ పెట్టేసి, పాతది వెనక్కి పంపేయొచ్చు. డబ్బు మళ్లీ అదే యాప్‌లో ఖర్చుపెట్టేది ఉంటే వ్యాలెట్‌లోకి తీసుకుంటే త్వరగా వస్తుంది. లేదంటే బ్యాంకుకే తీసుకోవాలి.

స్టాక్ లేదు, లేదా డౌట్ అంటే రీఫండ్. కంపెనీ కొత్త మోడల్ తెస్తోందని, పాత మోడల్ ఆపేస్తోందని వార్తలు వస్తున్నప్పుడు కూడా అంతే. ఆ ఫోన్ మళ్లీ గోదాముకు రాకపోవచ్చు.

ఇంకొకటి, లోపం ఎలాంటిదో కూడా చూడాలి. రవాణాలో దెబ్బ తగిలి స్క్రీన్ పగిలితే అది ఆ ఒక్క పీస్ సమస్య. ఇంకో పీస్ బాగానే ఉంటుంది. కానీ గత నెల రోజుల రివ్యూల్లో చాలామంది అదే లోపం రాస్తున్నారంటే అది ఆ బ్యాచ్ సమస్య కావచ్చు. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రీప్లేస్‌మెంట్‌గా అదే నెల పీస్ వస్తే అదే లోపం మళ్లీ రావొచ్చు. అలాంటప్పుడు రేటు లాభం పోయినా రీఫండ్ తీసుకుని వేరే మోడల్ చూసుకోవడమే తెలివైన పని. రీప్లేస్‌మెంట్‌గా వచ్చిన రెండో ఫోన్‌లో కూడా అదే లోపం ఉంటే మూడోది అడగకుండా రీఫండ్ అడగాలి.

ఈఎంఐలో కొన్నవాళ్లకు మరో లెక్క

ఈఎంఐలో కొన్నవాళ్లు రీఫండ్ నొక్కేముందు కొంచెం ఆగాలి. సెల్లర్ డబ్బు వెనక్కి పంపినా, బ్యాంకు ఆ ఈఎంఐని క్లోజ్ చేయాలి. ఈలోపు ఒకటి రెండు వాయిదాలు బిల్లులో రావొచ్చు. బ్యాంకు తీసుకున్న ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద పడిన జీఎస్టీ సాధారణంగా వెనక్కి రావు. నో కాస్ట్ ఈఎంఐలో కూడా ఇవి ఉంటాయి. రీప్లేస్‌మెంట్ అయితే ఈఎంఐ ఎలా ఉందో అలాగే సాగుతుంది.

మామూలుగా క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డ్యూ డేట్ లోపు వచ్చిన రీఫండ్‌ను కట్టాల్సిన బిల్లులోంచే తగ్గించాలి. కానీ డ్యూ డేట్ నాటికి రీఫండ్ రాకపోతే మాత్రం బిల్లు కట్టాల్సిందే. "రీఫండ్ వస్తుంది కదా" అని వదిలేస్తే లేట్ ఫీజు, వడ్డీ పడతాయి.

కంప్లైంట్ పెట్టేటప్పుడు ఈ తప్పులు వద్దు

చాలామంది కారణం అడిగిన చోట మొదట కనిపించిందేదో నొక్కేస్తారు. "వద్దనిపించింది" అని పెడితే అది లోపం కింద లెక్కకు రాదు. రీప్లేస్‌మెంట్ ఆప్షనే రాకపోవచ్చు, కొన్ని వస్తువులకు రిటర్న్ కూడా ఒప్పుకోరు. "వస్తువులో లోపం" లేదా "పాడైన వస్తువు వచ్చింది" అన్నదే ఎంచుకోవాలి. కింద రాసే చోట లోపం సూటిగా రాయాలి. ఉదాహరణకు "ఫోన్ బాగాలేదు" అని కాకుండా "5వ తేదీ సాయంత్రం నుంచి స్క్రీన్ కుడివైపు పచ్చ గీత, రీస్టార్ట్ చేసినా పోవడం లేదు" అని రాయాలి.

గీత కనిపిస్తున్నప్పుడు ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. అదే వీడియోలో డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబర్ కూడా కనిపించేలా చూసుకోండి. ఆ లోపం మీ బిల్లులో ఉన్న ఫోన్‌దే అని చెప్పడానికి అదే రుజువు. అప్పుడప్పుడూ వచ్చి పోయే లోపాలకు ఇది మరీ అవసరం. టెక్నీషియన్ వచ్చిన టైమ్‌కి ఫోన్ బాగానే పనిచేస్తే "లోపం లేదు" అని రాసి వెళ్లిపోతాడు.

పికప్‌కు ముందు ఫోన్‌లోని డేటా కాపీ చేసుకుని, అకౌంట్లు లాగౌట్ చేసి రీసెట్ చేయాలి. అకౌంట్ లాక్ తీయకుండా ఇస్తే పికప్ బాయ్ ఫోన్ తీసుకోడు. డబ్బా, ఛార్జర్, కేబుల్ ఏది తగ్గినా అంతే. పికప్ ఫెయిలైతే గడువు మీదే కరిగిపోతుంది.

రీప్లేస్‌మెంట్ ఫోన్ చేతికొచ్చాక కూడా పని అయిపోలేదు. అదే రోజు స్క్రీన్, కెమెరా, స్పీకర్, ఛార్జింగ్ అన్నీ చూసుకోవాలి. కొత్త పీస్‌కు రిటర్న్ గడువు మళ్లీ మొదటి నుంచి ఇస్తారా లేదా అన్నది యాప్‌ను బట్టి, వస్తువును బట్టి మారుతుంది. ఆర్డర్ పేజీలో చివరి తేదీ ఏముందో చూసుకోవాలి. కొత్త ఐఎంఈఐ నంబర్ ఉన్న బిల్లు కూడా డౌన్‌లోడ్ చేసుకోండి. పాత బిల్లే ఉంచుకుంటే రేపు వారంటీకి సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు నంబర్ కలవక ఇబ్బంది పడతారు.

డబ్బూ రాలేదు, ఫోనూ రాలేదంటే?

యాప్‌లో "రీఫండ్ పూర్తయింది" అని ఉండి అకౌంట్‌లో పడకపోతే కస్టమర్ కేర్‌ను ఒక నంబర్ అడగాలి. కార్డు అయితే ఏఆర్ఎన్, యూపీఐ అయితే యూటీఆర్ లేదా ఆర్ఆర్ఎన్. ఆ నంబర్‌తో బ్యాంకును అడిగితే డబ్బు ఎక్కడ ఆగిందో చెబుతారు. అసలు నంబరే ఇవ్వలేకపోతే యాప్ వాళ్లు ఇంకా డబ్బు పంపలేదేమో అని అనుమానించాల్సిందే.

"ఈ వస్తువుకు రీప్లేస్‌మెంట్ మాత్రమే, రీఫండ్ లేదు" అని పేజీలో రాసి ఉంటుంది. మరి రీప్లేస్‌మెంట్‌కు స్టాక్ లేకపోతే? 2020లో కేంద్రం తెచ్చిన ఈ కామర్స్ నిబంధనలు దీనిపై స్పష్టంగా ఉన్నాయి. వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా దాన్ని వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని సెల్లర్ అనకూడదు. అవే నిబంధనల ప్రకారం ప్రతి షాపింగ్ యాప్‌కూ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

కాబట్టి కస్టమర్ కేర్ చాట్‌లో "ఇంకో రెండు రోజులు ఆగండి" అంటూ తిప్పుతుంటే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. ఆర్డర్ నంబర్, లోపం కనిపించిన తేదీ, రిక్వెస్ట్ పెట్టిన తేదీ, స్టాక్ లేదన్న మెసేజ్ స్క్రీన్‌షాట్ జత చేయాలి. అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత దారి జిల్లా వినియోగదారుల కమిషన్. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ కేసు వేయడానికి ఫీజు లేదు. లోపాన్ని సరిచేయమని, వస్తువు మార్చి ఇవ్వమని, డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

అంత దాకా వెళ్లే అవసరం రాకుండా ఉండాలంటే లోపం కనిపించిన రోజే మూడు విషయాలు చూసుకుంటే చాలు. ఇప్పుడు రేటు ఎంత, అదే సెల్లర్ దగ్గర స్టాక్ ఉందా, సేల్ ఎప్పుడు అయిపోతుంది. ఈ మూడూ చూశాకే బటన్ నొక్కండి.